స్టేప్లర్, డాప్లర్, కోత: మొలల ఆపరేషన్లలో ఏది ఎవరికి

పైల్స్‌కి ఆపరేషన్ అవసరం అని ఒకసారి డాక్టర్ అన్నాక ఇంట్లో మొదలయ్యే గందరగోళం అంతా ఇంతా కాదు. ఒకళ్ళు స్టేప్లర్ చేయించుకో, నొప్పి ఉండదు అంటారు, ఇంకొకళ్ళు డాప్లర్ అని కొత్తది వచ్చింది, అందులో కోతే లేదు అంటారు, ఊళ్ళో పాత సర్జన్ దగ్గరికి వెళ్తే కోసి తీసేద్దాం, మళ్ళీ రాదు అంటారు. వింటున్నవాళ్ళకి ఇవన్నీ ఒకే గడ్డని తీయడానికి వేర్వేరు పనిముట్లు అనిపిస్తుంది, కొత్త పనిముట్టు కాబట్టి కొత్తదే మంచిది అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. స్టేప్లర్ ఆపరేషన్‌లో మొలని తీయరు. డాప్లర్‌లో కూడా తీయరు. కోత ఆపరేషన్‌లో మాత్రమే మొల అనేది శరీరంలోంచి బయటికి వస్తుంది. మిగతా రెండింట్లో మొలని లోపలే ఉంచి, ఒకదాంట్లో దాన్ని పైకి లాగి నిలబెడతారు, ఇంకోదాంట్లో దానికి వచ్చే రక్తాన్ని తగ్గిస్తారు. ఈ తేడా పట్టుకుంటే నొప్పి ఎందుకు తక్కువ, మళ్ళీ ఎందుకు వస్తాయి, ఎవరికి పనిచేయదు అనేవన్నీ దాని వెనకాలే వస్తాయి.

ముందు లోపల ఏముందో కొంచెం చూద్దాం. మలద్వారం లోపల, అంచు నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల పైన చుట్టూ ఒక గీత ఉంటుంది, డెంటేట్ లైన్ అంటారు. ఆ గీతకి పైన ఉన్న పొరకి కోస్తే గుచ్చితే తెలిసే నొప్పి ఉండదు, లాగినట్టు, బరువుగా, మోషన్ వస్తున్నట్టు మాత్రం తెలుస్తుంది. గీతకి కింద ఉన్నది మాత్రం చర్మం లాంటిదే, వేలి కొనకి ఎంత నొప్పి తెలుస్తుందో దానికీ అంతే తెలుస్తుంది. రక్తనాళాలతో నిండిన మెత్తలు అక్కడ అందరికీ పుట్టుకతోనే ఉంటాయి, గాలి, నీళ్ళు బయటికి కారకుండా మూసి ఉంచడంలో వాటి పని కొంత ఉంది. వాటిని పట్టి ఉంచే తంతువులు సాగిపోయి అవి ఉబ్బి కిందికి జారితే దాన్నే మనం మొలలు అంటున్నాం. గీతకి పైన పుట్టేవి లోపలి మొలలు, కింద పుట్టేవి బయటి మొలలు, చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

లోపలి మొలలకి నాలుగు గ్రేడ్లు చెప్తారు. మొదటిది రక్తం పడుతుంది కానీ బయటికి రాదు, రెండోది ముక్కినప్పుడు బయటికి వచ్చి దానంతట అదే లోపలికి పోతుంది, మూడోది చేత్తో తోస్తే గానీ పోదు, నాలుగోది తోసినా పోదు. స్టేప్లర్, డాప్లర్ గురించి మాట్లాడేదంతా ముఖ్యంగా రెండు, మూడు గ్రేడ్ల గురించి. మొదటి గ్రేడ్‌కి వీటి జోలికే వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు కోత ఆపరేషన్. మన దగ్గర ఎక్కువగా చేసేది మిల్లిగన్, మోర్గాన్ అని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి సర్జన్లు 1937లో రాసిన పద్ధతి. మొలని పట్టుకుని బయటి చర్మం దగ్గర మొదలుపెట్టి, లోపలి కండరం మీద నుంచి విడదీసుకుంటూ పైదాకా వెళ్ళి, మొల మొదలు దగ్గర రక్తనాళాన్ని కట్టేసి కోసేస్తారు. మామూలుగా మొలలు మూడు చోట్ల ఉంటాయి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఆ ద్వారాన్ని గడియారం ముఖంలా చూస్తే 3, 7, 11 గంటల దగ్గర. అందుకని మూడు పుళ్ళు మిగులుతాయి, వాటిని కుట్టకుండా వదిలేస్తే అవే మానతాయి. కుట్టేసే పద్ధతి కూడా ఉంది, ఫెర్గుసన్ పేరు మీద అమెరికాలో ఎక్కువ. ఏ పద్ధతైనా పుండు గీతకి కింద ఉన్న చర్మం దాకా వస్తుంది, నొప్పంతా అందుకే. మొదటి మోషన్ రోజు అందరూ గుర్తుపెట్టుకుంటారు, రెండు వారాల దాకా ప్రతి మోషన్ తర్వాత గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవాల్సిందే, పుళ్ళు పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంకో సంగతి, మూడు పుళ్ళ మధ్యలో మంచి చర్మం పట్టీలుగా మిగలాలి. ఆశకొద్దీ మొత్తం తీసేస్తే మానేటప్పుడు ద్వారం ముడుచుకుపోయి సన్నబడుతుంది, అది మొలల కంటే పెద్ద బాధ.

అయితే ఇప్పటి కోత ఆపరేషన్ మా సీనియర్ల కాలంలోది కాదు. రక్తం రాకుండా నాళాన్ని అతికించి కోసే ఎనర్జీ పరికరాలు వచ్చాయి, ఆపరేషన్ టేబుల్ మీదే నరానికి మత్తు ఇంజక్షన్ ఇస్తున్నారు, తర్వాత మెట్రోనిడజోల్ మాత్రలు, కండరం బిగుసుకోకుండా డిల్టియజెమ్ ఆయింట్‌మెంట్, మోషన్ మెత్తగా రావడానికి ఇసబ్గోల్ లేదా సిరప్ ఇస్తున్నారు. నొప్పి లేదు అనను, ఉంది, కానీ నాన్న తాతల కథలు విని భయపడి మూడేళ్ళు రక్తం పోగొట్టుకోవాల్సినంత లేదు.

స్టేప్లర్ సంగతికి వద్దాం. దీన్ని ఇటలీ సర్జన్ ఆంటోనియో లాంగో 1990లలో తెచ్చారు. ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది. మొల అంటే అనవసరమైన గడ్డ కాదు, ఉండాల్సిన మెత్త కిందికి జారింది, కాబట్టి కోయడం ఎందుకు, పైకి లాగి పాత చోట నిలబెడితే చాలు కదా. అది ఎలా చేస్తారంటే, ముందు నడుముకి మత్తు ఇచ్చి ద్వారంలో ఒక పారదర్శకమైన గుండ్రటి గొట్టం పెట్టి అంచుకి కుట్టేస్తారు. తర్వాత గీతకి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన, అంటే నొప్పి తెలియని చోట, లోపలి పొరలో చుట్టూ కుట్టు వేస్తారు. సంచి మూతికి బొందు ఎక్కించినట్టే ఉంటుంది, బొందు లాగితే మూతి దగ్గరికి ముడుచుకుంటుంది. ఈ కుట్టే ఆపరేషన్‌లో అన్నిటికంటే కీలకమైన పని. లోతు సరిగ్గా పొర, దాని కింది పొర వరకే ఉండాలి, కండరంలోకి దిగకూడదు. ఎత్తు చుట్టూ ఒకేలా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీ వదిలితే ఆ చోట పొర తర్వాత పెట్టే స్టేప్లర్ గన్‌లోకి రాదు, అక్కడి మొల అలాగే ఉండిపోతుంది.

ఆ తర్వాత స్టేప్లర్ గన్, 33 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే గుండ్రటి తల ఉన్నది, దాన్ని తెరిచి తల కుట్టుకి పైకి పోయేలా పెట్టి, దారం లాగి ముడి వేస్తారు. దారం కొసలు గన్ పక్క రంధ్రాల్లోంచి బయటికి తీసి లాగుతూ గన్ మూస్తారు, దాంతో జారిన పొరంతా గన్ లోపలికి వస్తుంది. పేషెంట్ ఆడవాళ్ళైతే ఇక్కడ ఆగి యోనిలో వేలు పెట్టి చూడాలి, వెనక గోడ గన్‌లో చిక్కుకోలేదు అని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే చిక్కుకుంటే రెండు దారుల మధ్య రంధ్రం పడుతుంది, అది సరిచేయడం చాలా కష్టం. తర్వాత ఫైర్ చేస్తారు. ఒకే దెబ్బలో రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున పొర ఉంగరంలా కోసుకొస్తుంది, కోసిన చోటే టైటానియం పిన్నులు రెండు వరసల్లో అతికించేస్తాయి. కాసేపు బిగించి ఉంచి గన్ బయటికి తీసి, పిన్నుల వరసలో ఎక్కడన్నా రక్తం చిమ్ముతోందేమో చూసి అక్కడ కుట్టు వేస్తారు. గన్ లోంచి తీసిన ఉంగరాన్ని మంచి సర్జన్ పక్కన పడేయరు, చేతిలోకి తీసుకుని విప్పి చూస్తారు, చుట్టూ పూర్తిగా ఉందా, ఒక పక్క సన్నగా ఉందా, కండరం పోగులు కనబడుతున్నాయా అని. ఆపరేషన్ ఎలా జరిగిందో ఆ చిన్న ఉంగరం చెప్తుంది.

అంటే కోత లేదు అనేది సరైన మాట కాదు. కోత ఉంది, నొప్పి తెలియని ఎత్తులో ఉంది, బయటికి కనబడదు. అందుకే మొదటి రెండు మూడు వారాలు కోత ఆపరేషన్ కంటే నొప్పి స్పష్టంగా తక్కువ, చాలామంది వారం పది రోజుల్లో పనికి వెళ్ళిపోతారు. పిన్నుల గురించి అడుగుతుంటారు, ఎయిర్‌పోర్ట్‌లో మోగుతుందా, ఎంఆర్ఐ తీయించుకోవచ్చా అని. టైటానియంతో ఆ ఇబ్బంది ఉండదు, అయినా స్కాన్ చేసేవాళ్ళకి ఒక మాట చెప్పండి. కొన్ని పిన్నులు కాలక్రమంలో మోషన్‌లో రాలిపోతాయి కూడా, భయపడక్కర్లేదు.

మరి లోటు ఎక్కడ. మొదటిది, పైకి లాగినది మళ్ళీ జారొచ్చు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఈథోస్ అనే బ్రిటిష్ ట్రయల్ ఈ విషయంలో చాలా పెద్దది, 777 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి స్టేప్లర్, ఇంకో గుంపుకి కోత చేశారు. మొదటి వారాల్లో స్టేప్లర్ వాళ్ళకి నొప్పి తక్కువే. కానీ రెండేళ్ళ తర్వాత మొలల బాధ మళ్ళీ ఉంది అన్నవాళ్ళు స్టేప్లర్ గుంపులో 42 శాతం, కోత గుంపులో 25 శాతం. రెండేళ్ళ మొత్తం మీద జీవితం ఎంత హాయిగా ఉంది అని లెక్కేస్తే కోత గుంపే మెరుగ్గా ఉంది, ఖర్చు కూడా వాళ్ళకే తక్కువ. ఈ ట్రయల్ తర్వాత ఇంగ్లండ్‌లో చాలామంది సర్జన్లకి స్టేప్లర్ మీద ఉన్న ఉత్సాహం తగ్గింది. ఇక్కడ ఒకటి గమనించాలి, బాధ మళ్ళీ ఉంది అన్న ప్రతివాళ్ళకీ ఇంకో ఆపరేషన్ అవసరం పడిందని కాదు, అప్పుడప్పుడు రక్తం చుక్క కనబడినా అందులోకే వస్తుంది. అయినా ఆ తేడా చిన్నదేమీ కాదు.

రెండోది, మోషన్ వస్తే ఆపుకోలేకపోవడం. పిన్నుల వరస ఉన్న చోట పేగు కొంచెం బిగుసుగా ఉంటుంది, అక్కడికి మలం రాగానే వెంటనే పరిగెత్తాలి అనిపిస్తుంది. చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో సర్దుకుంటుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. రోజంతా బస్సు నడిపేవాళ్ళు, క్లాసు మధ్యలో లేవలేని టీచర్లు ఈ ఒక్క విషయం సర్జన్‌ని విడిగా అడగాలి అంటాను. మూడోది, కుట్టు కిందికి పడితే పిన్నులు గీత దగ్గరికి వచ్చేస్తాయి, అప్పుడు తక్కువ ఉండాల్సిన నొప్పి కాస్తా నెలల తరబడి ఉండే నొప్పి అవుతుంది. నాలుగోది చాలా అరుదు కానీ తెలిసి ఉండాలి, గోడ లోతుగా చిక్కుకుంటే పేగుకి చిల్లు పడటం, పొత్తికడుపులోకి ఇన్ఫెక్షన్ పాకడం. ఆపరేషన్ తర్వాత జ్వరం, పొత్తికడుపు నొప్పి, మూత్రం రాకపోవడం ఈ మూడూ కలిసి కనబడితే మొలల ఆపరేషన్ నొప్పిలే అని ఇంట్లో కూర్చోకూడదు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంకో విషయం చెప్పడానికి మొహమాటపడతారు కానీ చెప్పాలి. గుద సంభోగం అలవాటున్నవాళ్ళు ఆ సంగతి ఆపరేషన్ ముందే సర్జన్‌కి చెప్పాలి, పిన్నుల వల్ల భాగస్వామికి గాయం అవ్వొచ్చు, కండోమ్ చిరగొచ్చు, ఆ కారణంగానే అలాంటివాళ్ళకి స్టేప్లర్ వద్దంటారు.

ఇప్పుడు డాప్లర్. దీనికి పూర్తి పేరు డాప్లర్ సాయంతో మొలల ధమనులు కట్టడం, హాల్ అనీ, డీజీ హాల్ అనీ, టీహెచ్‌డీ అనీ పిలుస్తుంటారు. 1995లో జపాన్ డాక్టర్ కజుమాసా మోరినాగా దీన్ని మొదట ప్రచురించారు. అల్ట్రాసౌండ్ అనగానే అందరూ స్క్రీన్ మీద బొమ్మ కనబడుతుంది అనుకుంటారు, ఇందులో మామూలుగా బొమ్మ ఉండదు, శబ్దం ఉంటుంది. లోపలికి పెట్టే గొట్టానికి పక్కన చిన్న డాప్లర్ ప్రోబ్ ఉంటుంది, దానికి పైనో కిందో కుట్టు వేయడానికి ఒక కిటికీ ఉంటుంది. సర్జన్ గొట్టాన్ని మెల్లగా తిప్పుకుంటూ పోతుంటే ధమని మీదికి రాగానే స్పీకర్‌లో గుండె కొట్టుకునే లయలోనే శూ, శూ అని వినబడుతుంది. ఆ చోట కిటికీలోంచి కరిగిపోయే దారంతో ఎనిమిది అంకె ఆకారంలో కుట్టు వేసి ముడి బిగించగానే ఆ శబ్దం ఆగిపోతుంది. ఆగలేదంటే కుట్టు ధమనిని పట్టలేదు, మళ్ళీ వేయాలి. అలా చుట్టూ తిరిగితే మామూలుగా ఆరు చోట్ల దాకా దొరుకుతాయి, ఒంటిగంట నుంచి 11 దాకా బేసి అంకెల దగ్గర. కుట్లన్నీ గీతకి పైనే, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో. ఏమీ కోయరు, ఏమీ తీయరు. వచ్చే రక్తం తగ్గితే మొల కొన్ని వారాల్లో కుంచించుకుపోతుంది అనేది నమ్మకం.

అయితే కేవలం ధమనులు కడితే రక్తం పడటం తగ్గుతుంది గానీ బయటికి జారే మొల పైకి వెళ్ళదు, అందుకని మూడో గ్రేడ్‌లో దీనికి ఇంకో పని కలిపారు. అదే దారంతో పై నుంచి కిందికి జారిన పొర పొడవునా కుట్టు వేసుకుంటూ వచ్చి, గీతకి కొద్దిగా పైన ఆపి, రెండు కొసలూ కలిపి ముడేస్తే పొర మడతలు పడి పైకి ఎత్తుకుంటుంది. దీన్ని మ్యూకోపెక్సీ అంటారు, కొన్ని చోట్ల ఆర్ఏఆర్ అని రాస్తారు. డాప్లర్ చేస్తాం అని ఎవరైనా చెప్తే మీ మొల బయటికి జారే రకమైతే మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, పైకి ఎత్తే కుట్టు కూడా వేస్తారా లేదా అని. అది కలిపితే మొదటి వారం పది రోజులు లోపల ఏదో నిండుగా ఉన్నట్టు, మోషన్ వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టు అనిపిస్తుంది. ముడి గీత మీదికి దిగితే నొప్పి కూడా బాగానే ఉంటుంది, నొప్పి సున్నా అని ఎవరైనా అంటే అది సగం నిజమే.

డాప్లర్‌కీ స్టేప్లర్‌కీ పక్కపక్కన పోల్చిన ఫ్రాన్స్ ట్రయల్ ఒకటి 2016లో వచ్చింది, లిగాలాంగో అని, దాదాపు నాలుగు వందల మంది మీద. డాప్లర్ వాళ్ళకి నొప్పి కొంచెం తక్కువ, పనికి కొంచెం ముందే వెళ్ళారు. ఏడాది తర్వాత చూస్తే చేత్తో తోయాల్సినంత మొల ఇంకా ఉన్నవాళ్ళు డాప్లర్ వైపు వందకి 15 మంది, స్టేప్లర్ వైపు 5 మంది. అంటే నొప్పి తగ్గే కొద్దీ నిలబడటం కూడా తగ్గుతోంది. కోత, స్టేప్లర్, డాప్లర్ ఈ మూడింటినీ వరసగా పెడితే కనబడేది ఇదే, ఎడమ నుంచి కుడికి వస్తుంటే నొప్పి తగ్గుతుంది, తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఇంకోవైపు డాప్లర్‌లో ప్రాణాపాయం లాంటి పెద్ద ప్రమాదాలు చాలా తక్కువ, తిరగబెడితే మళ్ళీ చేయొచ్చు, లేదా ఆ తర్వాత కోత ఆపరేషన్ చేయొచ్చు, దారులేవీ మూసుకుపోవు. నాకు ఈ పద్ధతి మీద ఉన్న ఇష్టం అంతా ఈ ఒక్క కారణానికే.

డాప్లర్ శబ్దం నిజంగా అవసరమా అనే వాదన కూడా ఉంది. నాగపూర్ సర్జన్లు 2011లో మూడో గ్రేడ్ పేషెంట్లలో డాప్లర్ పెట్టి కట్టడం, డాప్లర్ లేకుండా నేరుగా కుట్లు వేయడం పోల్చి చూసి, డాప్లర్ వల్ల అదనంగా కలిసొచ్చింది ఏమీ లేదని రాశారు. నా అభిప్రాయం కూడా అటే మొగ్గుతుంది, పని చేసేది చాలావరకు పైకి ఎత్తే కుట్టే. కాబట్టి మీ ఊళ్ళో డాప్లర్ మిషన్ లేదు కానీ మంచి సర్జన్ చేత్తో కుట్లు వేసి ఎత్తుతాను అంటే దాన్ని తక్కువగా చూడక్కర్లేదు.

ఆపరేషన్ దాకా రాకముందు ఉండే మెట్టు ఒకటుంది, రబ్బరు బ్యాండ్ వేయడం. ఓపీలోనే, మత్తు లేకుండా, గీతకి పైన మొల మొదట్లో చిన్న రబ్బరు ఉంగరం వేస్తే వారం రోజుల్లో అది ఎండి రాలిపోతుంది. బ్రిటన్‌లో హబుల్ అనే ట్రయల్‌లో రెండు, మూడు గ్రేడ్ల వాళ్ళు 372 మందిలో సగం మందికి డాప్లర్, సగం మందికి బ్యాండ్ వేశారు. ఏడాదికి బాధ మళ్ళీ ఉన్నవాళ్ళు బ్యాండ్‌లో 49 శాతం, డాప్లర్‌లో 30 శాతం. ఇక్కడితో ఆగితే డాప్లర్ గెలిచినట్టే ఉంటుంది. కానీ బ్యాండ్ అనేది ఒకటికి రెండుసార్లు వేసేదే కదా, రెండోసారి వేసినవాళ్ళని కూడా సరైన లెక్కలో పెడితే ఆ తేడా దాదాపు మాయమైంది, పైగా డాప్లర్‌కి నొప్పి, ఖర్చు రెండూ ఎక్కువ. కాబట్టి రెండో గ్రేడ్‌లో ఉన్నవాళ్ళని ఒక్క బ్యాండ్ కూడా వేయకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కి పంపుతుంటే ఎందుకు అని అడగండి.

ఒక కేస్ చూస్తే ఇదంతా ఎలా కలుస్తుందో తెలుస్తుంది. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే 46 ఏళ్ళ ఆయన, మూడేళ్ళుగా మోషన్‌లో రక్తం, ఏడాదిగా కూర్చున్నప్పుడల్లా బయటికి జారితే చేత్తో తోసుకుంటున్నారు. రెండుసార్లు బ్యాండ్లు వేశారు, ఏడాది బాగుండి మళ్ళీ మొదలైంది. హిమోగ్లోబిన్ 8.4. గుండెకి స్టెంట్ వేసి ఉన్నందువల్ల రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. భార్య ముందే ఒక నిర్ణయానికి వచ్చేశారు, "డాక్టరుగారూ, మా మరిదికి మిషన్‌తో చేశారండి, నాలుగో రోజే ఆఫీసుకి పోయాడు, ఈయనకీ అదే చేయండి" అన్నారు.

మొదట చేసింది కొలనోస్కోపీ. రక్తం పడుతోంది, వయసు నలభై దాటింది, రక్తహీనత ఉంది అంటే అంతా మొలల మీద తోసేయకూడదు, పై పేగులో గడ్డ లేదని చూసుకోవాలి. అది శుభ్రంగా ఉంది. తర్వాత ఆయన్ని టాయిలెట్ మీద కూర్చుని ముక్కమని చూశారు, ఎందుకంటే పడుకోబెట్టి చూస్తే మూడో గ్రేడ్ రెండో గ్రేడ్‌లా కనబడి మోసం చేస్తుంది. మూడు చోట్లా లోపలి మొలలు జారుతున్నాయి, 7 గంటల దగ్గర బయట ఒక చర్మం తునక కూడా వేలాడుతోంది.

ఆయన్ని అడిగిన ప్రశ్న ఒకటే, "మీకు వీటిల్లో ఏది బాధ, రక్తమా, జారడమా, బయట తగిలే ఆ తునకా?" ఆయన కాసేపు ఆలోచించి "తునక ఎప్పట్నుంచో ఉందండి, దాంతో నాకేం ఇబ్బంది లేదు, రక్తం, తోసుకోవడం పోతే చాలు" అన్నారు. ఆ జవాబు మీదే అంతా నడిచింది. తునకే బాధ అని ఉంటే స్టేప్లర్, డాప్లర్ రెండూ దాన్ని ముట్టుకోవు, చక్కగా ఆపరేషన్ అయిపోయి ఇంటికెళ్ళి చేత్తో తడిమి చూసుకుని ఇంకా అలాగే ఉందేంటి అని కోపంగా తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. బాధ రక్తం, జారడం కాబట్టి లోపలి పద్ధతులు సరిపోతాయి. స్టేప్లర్ చేయొచ్చు, కానీ ఆస్పిరిన్ మీద ఉన్న మనిషికి చుట్టూ ఉంగరంలా కోసిన గాయం కంటే కోతే లేని కుట్లు నయం అనిపించింది, ఆస్పిరిన్ ఆపకుండా చేయడానికి గుండె డాక్టర్ కూడా ఒప్పుకున్నారు. భార్యకి ఉన్నది ఉన్నట్టు చెప్పారు, ఇది కొన్నేళ్ళకి తిరగబెట్టొచ్చు, కోత కంటే ఎక్కువ అవకాశం ఉంది, కానీ తిరగబెడితే దాన్ని సరిచేయడానికి దారి ఉంటుంది అని.

ముందు ఐరన్ ఎక్కించి హిమోగ్లోబిన్ పదికి పైకి తెచ్చారు, తర్వాత డాప్లర్‌తో ఆరు ధమనులు కట్టి, మూడు చోట్ల పైకి ఎత్తే కుట్లు వేశారు. రెండో రోజు మోషన్ అయింది, నొప్పి ఓర్చుకోగలిగినంతే, నిండుగా ఉన్నట్టు అనిపించడం మాత్రం పది రోజులు ఇబ్బంది పెట్టింది. ఏడాది తర్వాత జారడం లేదు, రక్తహీనత లేదు, మజ్జిగ, కూరగాయలు మానేసి మలబద్ధకం తెచ్చుకున్న రోజున ఒక చుక్క రక్తం కనబడుతుంది. మరిది సంగతికొస్తే ఆయన అప్పటికి స్టేప్లర్ చేయించుకుని ఏడాది దాటింది, బాగానే ఉన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు ఆపరేషన్లు, రెండూ సరైనవే.

ఇదే మనిషికి నాలుగో గ్రేడ్ ఉండి, బయటి మొలలు చుట్టూ ఉబ్బి ఉంటే మాట వేరేగా ఉండేది. అక్కడ డాప్లర్ తిరగబెట్టడం బాగా ఎక్కువ, స్టేప్లర్ బయటి భాగాన్ని తీయదు, కోత ఆపరేషనే చేయాలి, రెండు వారాల నొప్పి ఓర్చుకోవాలి. బయటికి వచ్చి ఇరుక్కుని నల్లబడి రక్తం గడ్డకట్టిన మొల ఉన్నా, పక్కన చీము, ఫిస్టులా ఉన్నా, ద్వారం ముందే సన్నబడి గన్ పట్టకపోయినా స్టేప్లర్ వద్దు. మూడో గ్రేడ్, చుట్టూ ఒకేలా జారే లోపలి మొలలు, బయట దాదాపు ఏమీ లేదు, త్వరగా పనికి వెళ్ళాలి, వెంటనే మోషన్ వచ్చే ఇబ్బంది కొన్నాళ్ళు తట్టుకోగలరు అనుకునేవాళ్ళకి స్టేప్లర్ బాగా సరిపోతుంది. రక్తమే ముఖ్య బాధగా ఉన్న రెండు, మూడు గ్రేడ్ల వాళ్ళు, రక్తం పల్చబడే మందుల మీద ఉన్నవాళ్ళు, ముందే మోషన్ ఆపుకోవడం కొంచెం బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళు, కష్టమైన కాన్పులు అయిన ఆడవాళ్ళు డాప్లర్ వైపు చూడొచ్చు, ఎందుకంటే అందులో కండరం జోలికి వెళ్ళరు, మెత్తల్ని తీసేయరు.

లేజర్ గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. హోర్డింగుల మీద కనబడే లేజర్ ఈ రెండింటిలో ఏదీ కాదు, మొల లోపలికి సన్నని ఫైబర్ దింపి వేడితో కుంచింపజేస్తారు. అది వేరే పద్ధతి, దాని మంచిచెడ్డలు వేరే.

ఖర్చు దగ్గర ఒక విషయం. స్టేప్లర్ గన్ ఒకే పేషెంట్‌కి వాడి పారేసేది, డాప్లర్ ప్రోబ్ ఉన్న గొట్టం కూడా చాలా కంపెనీలది అంతే, అందుకే బిల్లులో ఆపరేషన్ ఫీజు కాకుండా ఈ వస్తువు ధర విడిగా ఉంటుంది, ముందే ఎస్టిమేట్‌లో రాసివ్వమని అడగండి. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో పైల్స్‌కి మొదట్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది దాటిందో లేదో అడ్మిట్ అవ్వకముందే చూసుకోండి.

ఏ ఆపరేషన్ చేయించుకున్నా సరే ఒకటి మర్చిపోవద్దు. అంతా బాగుంది అనుకున్నాక ఏడో రోజు నుంచి రెండు వారాల లోపు ఒక్కోసారి రక్తం హఠాత్తుగా పడుతుంది, కట్టిన నాళం దగ్గర పుండు కరిగి విడిపోవడం వల్ల. కాగితానికి అంటినంత అయితే ఫరవాలేదు. మోషన్ రాకుండా ఉత్తి రక్తమే గడ్డలు గడ్డలుగా పడుతున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి, ఆటోలో ఒంటరిగా కాదు, ఎవర్నైనా తోడు తీసుకుని. ఆ పది పదిహేను రోజులు దూర ప్రయాణాలు, పెళ్ళిళ్ళకి వేరే ఊళ్ళు వెళ్ళడం పెట్టుకోకపోతే నయం, రాత్రి బస్సులో సగం దారిలో ఇలా జరిగితే దగ్గరలో సర్జన్ దొరకడం కష్టం.